‘లో’ కనిపించగానే ‘ఇన్’ రాయొద్దు

తలుపు ఒక్కటే. దాని గురించి ఇంగ్లిష్‌లో మూడు వాక్యాలు చెప్పుకుందాం. ‘దేర్ ఈజ్ సమ్‌వన్ ఎట్ ది డోర్’ అంటే తలుపు దగ్గర ఎవరో ఉన్నారని. ‘దేర్ ఈజ్ ఎ నేమ్‌ప్లేట్ ఆన్ ది డోర్’ అంటే తలుపు మీద పేరున్న పలక ఉందని. ‘దేర్ ఈజ్ ఎ హోల్ ఇన్ ది డోర్’ అంటే తలుపుకి కన్నం పడిందని. మూడింట్లోనూ డోర్ అనే మాట మారలేదు. మనం ఆ తలుపును చూసిన తీరు మారింది. మొదటి వాక్యంలో తలుపు, మనిషి ఎక్కడ నిలబడ్డాడో చెప్పే గుర్తు. రెండో వాక్యంలో పలకను బిగించిన ఉపరితలం. మూడో వాక్యంలో దానికి మందం వచ్చింది, ఆ మందం మధ్యలో ఖాళీ ఉంది.

ఖాళీలు పూరించే అభ్యాసాలు చేసే పిల్లలు, ఉద్యోగ పరీక్షలకు తయారయ్యే పెద్దలు ఎక్కువగా అడిగేది ఒకటే. ‘స్టేషన్‌కి ఏది వస్తుంది సార్? హాస్పిటల్‌కి ఏది వస్తుంది?’ అని. అడిగిన తీరులోనే చిక్కు ఉంది. ఫలానా నామవాచకానికి ఫలానా ప్రిపోజిషన్ అని కట్టుబాటు ఏమీ లేదు. ఆ వాక్యంలో మాట్లాడే మనిషి ఆ చోటును ఎలా ఊహించుకుంటున్నాడో దాన్ని బట్టి ఇన్, ఆన్, ఎట్‌లలో ఒకటి వస్తుంది. కాబట్టి జాబితా బట్టీపట్టినవారికి పది ప్రశ్నల్లో ఆరు వచ్చినా, మిగతా నాలుగు ఎందుకు పోయాయో అర్థం కాదు.

ఆ మూడు చూపులూ ఇవి. ఎట్ అన్నప్పుడు ఆ చోటు ఒక బిందువు. దాని పొడవూ వెడల్పూ, లోపలా బయటా మనకు అక్కర్లేదు. ‘ఎక్కడ?’ అంటే వేలు పెట్టి చూపించగలిగితే చాలు. ఆన్ అన్నప్పుడు ఒక ఉపరితలమో గీతో ఉంటుంది, ఇంకొకటి దానికి ఆనుకుని ఉంటుంది. ఇన్ అన్నప్పుడు చుట్టూ హద్దు ఉంటుంది, మనం చెప్పేది ఆ హద్దు లోపల ఉంటుంది. తెలుగులో వీటికి దగ్గర, ఆనుకుని, లోపల అనే మాటలు సరిపోతాయి. దగ్గర, మీద, లో అనలేదని గమనించండి. ఆనుకుని, లోపల అని కావాలనే అన్నాను. మనవాళ్ల పొరపాట్లలో చాలావరకు ఆ తేడా దగ్గరే పుడతాయి.

మన ‘లో’ చాలా ఉదారమైన విభక్తి. పెట్టెలో, ఇంట్లో, బస్టాండులో, పెళ్లిలో, టీవీలో, ఫోన్లో, రెండో అంతస్తులో, ఐదో పేజీలో, పదేళ్ల వయసులో. అన్నింటికీ అదే చాలు. ఇంగ్లిష్‌లో వీటిలో ఒక్క పెట్టెకే ఖాయంగా ఇన్ వస్తుంది. బస్టాండులో కలుద్దాం అన్నప్పుడు అది కలుసుకునే చోటు, అంటే బిందువు, కాబట్టి ఎట్. పెళ్లిలో చూశాను అన్నప్పుడు పెళ్లి అనేది జనం చేరే సందర్భం. దానికి గోడలు లేవు, కాబట్టి ఎట్ ఎ వెడ్డింగ్. ఎట్ ఎ పార్టీ, ఎట్ ఎ మీటింగ్ కూడా ఇలాగే. టీవీలో వార్తలు తెర మీద కనబడతాయి కాబట్టి ఆన్ టీవీ. ఫోన్లో మాట్లాడటం ఆన్ ది ఫోన్. పేజీ అంటే చదునైన తలం, అచ్చు దాని మీద ఉంటుంది, కాబట్టి ఆన్ పేజ్ ఫైవ్. అదే వార్త పేపర్లో వచ్చింది అంటే మాత్రం ఇన్ ది పేపర్. పత్రిక మొత్తం ఒక సంపుటి, వార్త దాని లోపలి భాగం. అంతస్తు మనం నిలబడే నేల, కాబట్టి ఆన్ ది సెకండ్ ఫ్లోర్.

ఇక్కడ నేను చెప్పే చిట్కా ఒకటుంది. తెలుగు వాక్యంలో ‘లో’ తీసేసి ‘లోపల’ పెట్టి చూడండి. ‘పెట్టె లోపల నగలున్నాయి’ చక్కగా ఉంది, అక్కడ ఇన్ రాయొచ్చు. ‘టీవీ లోపల వార్తలొస్తున్నాయి’, ‘ఐదో పేజీ లోపల బొమ్మ ఉంది’, ‘పెళ్లి లోపల కలిశాం’ అంటే మన చెవికే ఎబ్బెట్టుగా ఉంటుంది. అక్కడ ఇన్ వద్దని అర్థం. ఈ పరీక్ష అన్నిచోట్లా పనిచేయదు. ‘ఫొటో లోపల మా తాతయ్య ఉన్నారు’ అని మనం అనం, అయినా ఇంగ్లిష్‌లో ఇన్ ది ఫొటో అనే అంటారు. చట్రం గీసిన చిత్రానికి హద్దు ఉందని వాళ్ల ఊహ. అద్దంలో ముఖం కూడా అంతే, ఇన్ ది మిర్రర్. బస్సు లోపల అని మనం మామూలుగానే అంటాం, అక్కడ ఇంగ్లిష్ ఆన్ అంటుంది. దాని సంగతి కాసేపట్లో చూద్దాం. ఈ కొద్ది మినహాయింపులు గుర్తుంచుకుంటే ‘లోపల’ పరీక్ష చాలా పొరపాట్లను ఆపుతుంది.

ఆన్ విషయంలో చిక్కు ఇంకో వైపు నుంచి వస్తుంది. ఆన్ అంటే మీద అని నేర్చుకున్నవారు ఏదో ఒకటి పైన కూర్చుంటేనే ఆన్ రాస్తారు. ఫ్యాన్ సీలింగుకి వేలాడుతుంది, సీలింగు మీద కూర్చోదు. అయినా ఎ ఫ్యాన్ ఆన్ ది సీలింగ్. ఉంగరం వేలికి, గడియారం గోడకి, మామిడికాయ కొమ్మకి, మరక చొక్కాకి. ఇవన్నీ తెలుగులో ‘కి’ తీసుకుంటాయి, ఇంగ్లిష్‌లో ఆన్ తీసుకుంటాయి. పైనా కిందా అనే లెక్క ఇందులో లేదు, తాకి ఉండటమే లెక్క. చెట్టు దగ్గర ఈ తేడా ముచ్చటగా కనిపిస్తుంది. కాయ కొమ్మను అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి ఆన్ ది ట్రీ. పిట్ట ఆకుల గుబురులో ఉంటే దాని చుట్టూ చెట్టు ఉన్నట్టే, కాబట్టి ఇన్ ది ట్రీ. మనకు మాత్రం అది చెట్టు మీద పిట్టే.

తాకేది ఉపరితలమే కానక్కర్లేదు, గీత కూడా కావచ్చు. రోడ్డు, నది, సముద్రతీరం, సరిహద్దు ఇవన్నీ మ్యాపులో గీతలు. రాజమండ్రి గోదావరి ఒడ్డున ఉంది అని చెప్పాలంటే ‘రాజమండ్రి ఈజ్ ఆన్ ది గోదావరి’ చాలు. నది అనే గీతను ఊరు ఆనుకుని ఉంది. అదే చోట ‘ఇన్ ది గోదావరి’ రాస్తే ఊరు నీళ్లలో మునిగిపోయినట్టు అవుతుంది. విజయవాడ ఆన్ ది కృష్ణా, విశాఖపట్నం ఆన్ ది కోస్ట్ అన్నవీ ఇలాంటివే. వీధి విషయంలో మాత్రం ఇంగ్లిష్ వాళ్లలోనే రెండు అలవాట్లున్నాయి. బ్రిటన్‌లో ఇన్ ది స్ట్రీట్ అనడం మామూలు. అటూ ఇటూ ఇళ్ల వరసల మధ్య ఇరుకైన చోటుగా వీధిని చూస్తారు. అమెరికాలో ఆన్ ది స్ట్రీట్ అంటారు, వాళ్లకది గీత. ఇంటి నంబరు తోడైతే మాత్రం ఇద్దరికీ అది బిందువే. బ్రిటిష్ ప్రధాని అధికార నివాసం ఎట్ 10 డౌనింగ్ స్ట్రీట్.

ఊళ్ల పేర్లతో ఒక పాత సూత్రం మన తరగతి గదుల్లో ఇప్పటికీ తిరుగుతోంది. పెద్ద నగరాలకు ఇన్, చిన్న పల్లెలకు ఎట్ అని. దీన్ని నమ్మి మా ఊరు చిన్నది కాబట్టి ‘ఐ లివ్ ఎట్’ అని రాసేవారు చాలామంది ఉన్నారు. ఈ సూత్రాన్ని నేనైతే పిల్లలకు చెప్పను. మనిషి బతికే ఊరికి, అది ఎంత చిన్న పల్లెయినా, హద్దులుంటాయి. వీధులు, ఇళ్లు, పొలాలు ఉంటాయి. ఆమె ఆ ఊరి లోపల బతుకుతోంది, కాబట్టి ఇన్. ఊరు ఎంత పెద్దదైనా, ప్రయాణంలో ఆగే చోటుగా చూస్తే అది బిందువైపోతుంది. ‘షి లివ్స్ ఇన్ వరంగల్’, ‘దిస్ ట్రైన్ స్టాప్స్ ఎట్ వరంగల్’. మొదటి వాక్యంలో వరంగల్ ఒక ప్రపంచం, రెండో వాక్యంలో రైలు పట్టాల మీద ఒక చుక్క. ఊరి వైశాల్యం రెండింట్లోనూ ఒకటే.

భవనాలకు కూడా ఇదే సూత్రం. ‘ఐ విల్ మీట్ యు ఎట్ ది స్టేషన్’ అన్నప్పుడు ప్లాట్‌ఫాం మీదా, టికెట్ కిటికీ దగ్గరా, బయట ఆటోల దగ్గరా అన్నది తేల్చలేదు. స్టేషన్ అనే గుర్తు చెప్పాం, అంతే. వర్షం పడుతుంటే ‘వెయిట్ ఇన్ ది స్టేషన్’ అంటాం, తడవకుండా కప్పు కింద ఉండమని. అక్కడ లోపల అన్న సంగతికి అవసరం వచ్చింది. ఆసుపత్రితో ఈ తేడా ఇంకా గట్టిగా తెలుస్తుంది. ‘మై ఫాదర్ ఈజ్ ఎట్ ది హాస్పిటల్’ అంటే ఆయన అక్కడ ఉన్నారని మాత్రమే. డాక్టరు కావచ్చు, ఎవరినో చూడటానికి వెళ్లి ఉండొచ్చు. ‘మై ఫాదర్ ఈజ్ ఇన్ హాస్పిటల్’ అంటే చేరారు, మంచం మీద ఉన్నారు. అమెరికాలో ఇన్ ది హాస్పిటల్ అంటారు, అర్థం అదే. సెలవు చీటీలో మొదటిది రాయబోయి రెండోది రాస్తే అవతలివాళ్లు కంగారు పడతారు.

మూల అనే మాటకీ ఇలాగే రెండు ముఖాలు. గది మూలన కుర్చీ ఉంది అంటే రెండు గోడలు కలిసి దాన్ని లోపలికి పొదువుకున్నాయి, కాబట్టి ఇన్ ది కార్నర్ ఆఫ్ ది రూమ్. వీధి మూలన టీ కొట్టు ఉంది అంటే రెండు రోడ్లు కలిసే బిందువు దగ్గర, కాబట్టి ఎట్ ది కార్నర్ ఆఫ్ ది స్ట్రీట్. ఆ రెండోచోట ఆన్ ది కార్నర్ కూడా వినబడుతుంది, తప్పు కాదు. గది మూలకి మాత్రం ఇన్ ఖాయం.

ఇప్పుడు బస్సు. ఇన్ ఎ కార్, ఇన్ ఎ టాక్సీ, ఇన్ ఎన్ ఆటో అంటారు. కానీ ఆన్ ఎ బస్, ఆన్ ఎ ట్రైన్, ఆన్ ఎ ప్లేన్, ఆన్ ఎ షిప్. లోపల కూర్చోవడమే కొలత అయితే అన్నింటికీ ఇన్ రావాలి. ఎందుకు రాలేదు? ఓడతో మొదలుపెడితే తేలిగ్గా అర్థమవుతుంది. ఓడ ఎక్కినవాళ్లు డెక్కు మీద నిలబడతారు, నడుస్తారు. బస్సూ రైలూ విమానమూ అంతే. ఎక్కి, నిటారుగా నిలబడి, నడవగలిగిన వేదికలవి. కారులోకి వంగి దూరాలి. దూరిన తర్వాత నడవడానికి ఏమీ ఉండదు, నాలుగు వైపులా మూసుకుని ఉంటుంది. అందుకని గుర్తు పెట్టుకునే పద్ధతి ఇదీ: లేచి నడవగలిగితే ఆన్, లేకపోతే ఇన్. సైకిలు, మోటారుసైకిలు, గుర్రం వీటికి లోపలే లేదు, ఎక్కి కూర్చుంటాం కాబట్టి ఎలాగూ ఆన్. ఇన్ ది ట్రైన్ అని రాస్తే ఘోరమైన తప్పేమీ కాదు, ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవారూ కొన్నిసార్లు అంటారు. పరీక్షలో మాత్రం ఆన్ వైపే మొగ్గండి.

కాలం దగ్గరికి వస్తే పని చాలావరకు తేలిక. ఎందుకంటే తెలుగు మాటల్లోనే ఈ మూడంచెల విభజన ఉంది, మనం గమనించలేదంతే. ఆరు గంటలకు, పదిహేనో తేదీన, జూన్‌లో. గడియారం మీద ముల్లు చూపే బిందువుకి ‘కు’, రోజుకి ‘న’ లేదా ‘నాడు’, అంతకన్నా పెద్ద కాలానికి ‘లో’. ఇంగ్లిష్‌లో ఎట్ సిక్స్ ఓ క్లాక్, ఆన్ ది ఫిఫ్టీన్త్, ఇన్ జూన్. ఒకదాని పక్కన ఒకటి పెడితే మూడూ జతపడతాయి. చోటు విషయంలో మనల్ని ఇబ్బంది పెట్టిన విభక్తులే ఇక్కడ దారి చూపిస్తాయి.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఘడియను తీసుకోండి. ఎట్ మిడ్‌నైట్, ఆన్ 15 ఆగస్ట్, ఇన్ 1947. తెలుగులో అర్ధరాత్రికి, ఆగస్టు 15న, 1947లో. ఇక్కడ ఒక మెలిక ఉంది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తేదీని రాయమంటే చాలామంది ‘ఇన్ 2 జూన్ 2014’ అని రాస్తారు. జూన్ కనబడింది, 2014 కనబడింది, రెండూ ఇన్ తీసుకునేవే కదా అని. కానీ ఆ మూడు మాటలూ కలిసి చెప్పేది ఒక రోజును. రోజు అనగానే ఆన్. ఇన్ 2014, ఇన్ జూన్ 2014, ఆన్ 2 జూన్ 2014. ఎన్ని మాటలున్నాయని కాదు, మొత్తం పదబంధం ఎంత కాలాన్ని చెబుతోందని చూడాలి.

ఉదయం, సాయంత్రం దగ్గర కూడా ఇదే మెలిక. ఇన్ ది మార్నింగ్, ఇన్ ది ఆఫ్టర్‌నూన్, ఇన్ ది ఈవెనింగ్ అని చిన్నప్పుడే నేర్పుతారు. పూట అనేది కొన్ని గంటల పొడవున్న కాలం, దాని లోపల పని జరుగుతుంది. ఆ తర్వాత ప్రశ్నపత్రంలో ‘సండే మార్నింగ్’ వస్తుంది. మార్నింగ్ చూడగానే చెయ్యి అలవాటుగా ఇన్ రాసేస్తుంది. సరైనది ఆన్ సండే మార్నింగ్. వారం పేరో తేదీయో పూటకు తోడైతే అది ఒక నిర్దిష్టమైన రోజుకి చెందిన పూట అవుతుంది, రోజుదే పైచేయి. ఆన్ ది మార్నింగ్ ఆఫ్ సెకండ్ జూన్ అన్నా అంతే.

రాత్రికి మాత్రం ఎట్ నైట్. రాత్రీ కొన్ని గంటల పొడవున్నదే, ఇన్ ఎందుకు రాలేదని అడిగితే పూర్తిగా తృప్తినిచ్చే సమాధానం చెప్పడం కష్టం. పగటిని పూటలుగా కోసి చూసిన భాష రాత్రిని ఒకే ముద్దగా చూసిందని అనుకోవచ్చు. నిద్రలో గడిచిపోయే రాత్రి రోజువారీ చక్రంలో ఒక మజిలీ, అందుకే ఎట్. రాత్రి మధ్యలో ఏదైనా జరిగి, ఆ పొడవు మనకు ముఖ్యమైనప్పుడు ఇన్ ది నైట్ కూడా వస్తుంది. ‘ఐ వోక్ అప్ త్రీ టైమ్స్ ఇన్ ది నైట్’ అన్నప్పుడు ఆ రాత్రి లోపల మూడుసార్లు మెలకువ వచ్చింది. మామూలు అభ్యాసాల్లో ఎట్ నైటే అడుగుతారు.

పండగలు మన భాషతో ఎంత బాగా కలుస్తాయో చూడండి. ‘సంక్రాంతికి ఊరెళ్తాం’ అంటే పండగ రోజుల మొత్తాన్ని ఒక సందర్భంగా చూస్తున్నాం, అది ఎట్ సంక్రాంతి. ‘సంక్రాంతి రోజున పొంగలి వండుతాం’ అంటే ఆ ఒక్క రోజు, ఆన్ సంక్రాంతి డే. క్రిస్మస్‌కీ ఇదే, ఎట్ క్రిస్మస్, ఆన్ క్రిస్మస్ డే. రంజాన్ నెల పేరు కాబట్టి ఇన్ రంజాన్, ఉపవాసాలు ముగిసి పండగ చేసుకునే రోజుకి ఆన్ ఈద్. వారాంతం దగ్గర మళ్లీ రెండు దేశాల వాడుక వేరు. బ్రిటన్‌లో ఎట్ ది వీకెండ్, అమెరికాలో ఆన్ ది వీకెండ్. మీ పాఠ్యపుస్తకం ఏది వాడిందో చూసి అదే రాయండి. ఒకే వ్యాసంలో రెండూ కలపకండి.

తెలుగు విభక్తి కాలం విషయంలోనూ మోసం చేసే చోట్లు రెండు మూడున్నాయి. ‘పదేళ్ల వయసులో’ అంటాం కానీ వయసు బతుకు గీత మీద బిందువు కాబట్టి ఎట్ ది ఏజ్ ఆఫ్ టెన్. ‘నెలాఖరులో’ అంటాం కానీ ఆఖరు ఒక కొస, కాబట్టి ఎట్ ది ఎండ్ ఆఫ్ ది మంత్. ‘పది నిమిషాల తర్వాత వస్తాను’ అని మనసులో తెలుగు పెట్టుకుని ‘ఐ విల్ కమ్ ఆఫ్టర్ టెన్ మినిట్స్’ అంటాం. ఇప్పటి నుంచి లెక్కపెట్టి చెప్పే వ్యవధికి ఇంగ్లిష్‌లో ఇన్ టెన్ మినిట్స్ సహజం. ఇక్కడ ‘పది నిమిషాల్లో వస్తాను’ అనుకుని రాస్తే సరిగ్గా వస్తుంది.

కొన్నిచోట్ల అసలు ఏదీ రాయకూడదు. నెక్స్ట్, లాస్ట్, దిస్, ఎవ్రీ అనే మాటలు కాలానికి ముందు ఉంటే ప్రిపోజిషన్ అవసరం తీరిపోతుంది. వచ్చే సోమవారం కలుద్దాం అన్నప్పుడు మనమూ విభక్తి పెట్టం, వాళ్లూ పెట్టరు. ‘ఆన్ నెక్స్ట్ మండే’ అనేది ఖాళీ కనబడితే నింపాలన్న తొందరలో పుట్టే తప్పు.

ఇదంతా ఒక అభ్యాసం మీద పెట్టి చూద్దాం. పుస్తకాల్లో విడి వాక్యాలు ఇస్తారు, నాకు మాత్రం ఒకే సంగతిని చెప్పే పేరా అయితేనే నచ్చుతుంది. ఎందుకంటే చూపు ఎలా మారుతుందో అందులో కనబడుతుంది.

‘మై కజిన్స్ వెడ్డింగ్ వాజ్ (1)____ ఫిబ్రవరి. వి రీచ్డ్ రాజమండ్రి (2)____ ది మార్నింగ్ ఆఫ్ ది వెడ్డింగ్. మై అంకుల్ వాజ్ వెయిటింగ్ ఫర్ అజ్ (3)____ ది స్టేషన్. వి వెంట్ (4)____ హిజ్ కార్. ది హాల్ వాజ్ (5)____ ది సెకండ్ ఫ్లోర్ ఆఫ్ ఎ బిల్డింగ్ (6)____ ది మెయిన్ రోడ్. ది ముహూర్తం వాజ్ (7)____ 11:40 (8)____ నైట్. ఐ మెట్ యాన్ ఓల్డ్ ఫ్రెండ్ (9)____ ది వెడ్డింగ్. షి వర్క్స్ (10)____ హైదరాబాద్ నౌ. వి ఆర్ మీటింగ్ అగైన్ (11)____ నెక్స్ట్ సండే. అవర్ ట్రైన్ బ్యాక్ లెఫ్ట్ (12)____ టైమ్, బట్ వి గాట్ టు ది స్టేషన్ జస్ట్ (13)____ టైమ్.’

మొదటిది నెల, ఇన్. రెండోదాంట్లో మార్నింగ్ ఉంది కానీ అది పెళ్లి రోజు ఉదయం, రోజు తెలిసిపోయింది కాబట్టి ఆన్. ఇదే వాక్యంలో రీచ్డ్ తర్వాత ఖాళీ లేదని గమనించండి. రీచ్‌కి ఏదీ అక్కర్లేదు. అక్కడ ఎరైవ్డ్ ఉంటే ఇన్ రాజమండ్రి అనాలి. మూడోదాంట్లో మామయ్య స్టేషన్లో ఏ మూల నిలబడ్డాడో మనకు పట్టదు, కలుసుకున్న చోటు మాత్రమే కావాలి, ఎట్. నాలుగు కారు, లేచి నడవలేం, ఇన్.

ఐదు, ఆరు పక్కపక్కనే ఉన్నాయి. రెండింటికీ ఆన్. అంతస్తు నిలబడే తలం, రోడ్డు భవనం ఆనుకుని ఉన్న గీత. తెలుగులో ఒకటి ‘అంతస్తులో’, ఇంకొకటి ‘రోడ్డు మీద’ అని విడిపోతాయి కాబట్టి ఇక్కడ ఐదోది ఇన్ అని రాసేవారు ఎక్కువ. అంతస్తు లోపల అని అనగలమా అని ఒక్కసారి అడిగితే తప్పు దొరికిపోతుంది. ఏడు గడియారపు బిందువు, ఎట్. ఎనిమిది కూడా ఎట్. 11:40 ఎట్ నైట్ అనడంలో రెండు ఎట్‌లు వరసగా వచ్చాయని కొట్టేయకండి. రెండూ వేరువేరు పనులు చేస్తున్నాయి. ముహూర్తం పగలు అయి ఉంటే ఎట్ 11:40 ఇన్ ది మార్నింగ్ అయ్యేది.

తొమ్మిదిలో పెళ్లి సందర్భం, ఎట్. ఇక్కడ ఇన్ రాసినవారు పదిలో మాత్రం సరిగ్గా ఇన్ రాస్తారు, తెలుగులో రెండూ ‘లో’ కాబట్టి. అంటే పదోది సరైనా కారణం తెలిసి రాయలేదన్నమాట. పేపరు దిద్దే ఉపాధ్యాయులు ఇలా పక్కపక్కనే ఉన్న తప్పునూ ఒప్పునూ కలిపి చూస్తే పిల్లవాడు ఎక్కడ పొరబడ్డాడో తెలుస్తుంది. తొమ్మిది తప్పు, పది ఒప్పు అయితే ‘లో’ పట్టుకుని రాస్తున్నాడని తేలుతుంది. రెండూ ఎట్ అని రాస్తే పాత సూత్రమో మరొకటో విని గందరగోళపడ్డాడని అనుమానించాలి. పదకొండు ఖాళీగానే వదలాలి, నెక్స్ట్ ఉంది.

చివరి రెండింటికీ మాట ఒకటే, టైమ్. పన్నెండులో రైలు వేళకు కదిలింది. టైమ్‌టేబుల్లో రాసిన గీత మీద, ముందూ కాదు వెనకా కాదు, కాబట్టి ఆన్ టైమ్. పదమూడులో వీళ్లు రైలు కదలకముందే స్టేషన్‌కి చేరారు. గడువు అనే హద్దు దాటకుండా దాని లోపలే ఉన్నారు, కాబట్టి ఇన్ టైమ్. తెలుగులో టైముకి, టైములోగా అంటాం. పదమూడులో ఆన్ రాస్తే వీళ్లూ ఏదో టైమ్‌టేబుల్ ప్రకారం నడిచినట్టు అవుతుంది. జస్ట్ అనే మాట ముందు ఉండటం కూడా ఇన్ అనడానికి ఆనవాలు, ఎందుకంటే హద్దు దాటబోయి దాటకుండా ఆగిన సంగతి అదే చెబుతోంది.